మీటింగ్‌లో చెప్పిన మాట నైట్ షిఫ్ట్ దాకా మారకుండా చేరాలంటే ఏం చేయాలి

"పొద్దున మీటింగ్‌లో అందరికీ చెప్పాం సార్, అయినా సి షిఫ్ట్‌లో పాత పద్ధతిలోనే నడిపారు." ప్రొడక్షన్‌లో ఉన్నవాళ్ల దగ్గర్నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో రకంగా అడుగుతారు. చెప్పడం చెప్పారు, కాదనను. కానీ మేనేజర్ ముగ్గురు షిఫ్ట్ ఇన్‌చార్జులకు చెప్తే, వాళ్లు సూపర్‌వైజర్లకు, సూపర్‌వైజర్లు ఆపరేటర్లకు చెప్పేసరికి మాటలో సగం రాలిపోతుంది. మిగిలిన సగానికి ఎవరో ఒకరు తమకు తోచింది కలుపుతారు.

ఊరికే సూత్రాలు చెప్పుకుంటూ పోతే తలకెక్కదు కాబట్టి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. హైదరాబాద్‌లో చర్లపల్లి, జీడిమెట్ల వైపు ఉండే ప్లాస్టిక్ మోల్డింగ్ షెడ్ లాంటిది అనుకోండి. షిఫ్టులు మూడు: ఎ షిఫ్ట్ ఉదయం 6 నుంచి 2, బి షిఫ్ట్ 2 నుంచి రాత్రి 10, సి షిఫ్ట్ 10 నుంచి తెల్లవారి 6. రెండు మెషిన్ల మీద నైలాన్ క్లిప్పులు తీస్తున్నారు. పీసుల మీద వెండి చారలు వస్తున్నాయి, బిగించేటప్పుడు కొన్ని విరుగుతున్నాయి. మెటీరియల్‌లో తడి ఉందని క్వాలిటీ వాళ్లు తేల్చారు. అందుకని ఇకనుంచి నైలాన్ గింజలను హాపర్ డ్రయ్యర్‌లో, అంటే మెషిన్ మీద ఉండే వేడిగాలి డబ్బాలో, 80 డిగ్రీల దగ్గర 2 గంటలు కాదు, 4 గంటలు ఎండబెట్టాలి. వినడానికి ఒక్క లైను మాట. ఈ ఒక్క లైను మూడు షిఫ్టులకూ చేరేలోపు ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో చూస్తూ వెళ్దాం.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆ రెండు మెషిన్ల దగ్గరికి ఈ వారం వచ్చే ప్రతి మనిషి పేరున్న లిస్టు. రిలీవర్లు, మెటీరియల్ పోసే హెల్పర్లు, కాంట్రాక్ట్ లేబర్, ఓటీ మీద వేరే లైన్ నుంచి వచ్చేవాళ్లు, అందరూ అందులో ఉండాలి.
- ఆ లిస్టు పక్కనే ఎవరి వీక్లీ ఆఫ్ ఏ రోజో.
- ఒక ఎ4 కాగితం. దాంట్లో సగం చాలు.
- హ్యాండోవర్ రిజిస్టర్. ఇప్పుడున్నదే సరిపోతుంది, కొత్తది అక్కర్లేదు.
- షెడ్‌లో మెషిన్ల చప్పుడుకు కాస్త దూరంగా పదిమంది నిలబడగలిగే చోటు.

ప్రొజెక్టర్, పీపీటీ ఏమీ వద్దు. స్లైడ్లు ఆఫీసు రూములోనే ఉండిపోతాయి, సూపర్‌వైజర్ చేతిలో ఏమీ ఉండదు, గుర్తున్నంత చెప్తాడు.

1. చెప్పే మాటను ఆపరేటర్ చేసే పనిలోకి మార్చండి

ఎక్కువమంది దాటేసే స్టెప్ ఇది. "4 గంటలు ఎండబెట్టాలి" అనేది ఇంజనీర్ మాట. మెషిన్ నడుస్తూనే ఉంటుంది, హాపర్ కింద నుంచి మెటీరియల్ దిగిపోతూనే ఉంటుంది, పైనుంచి పోస్తూనే ఉంటారు. ఇందులో 4 గంటలు ఎక్కడ లెక్కపెట్టాలి? ఆపరేటర్‌కు తెలియదు, అడిగితే చాలామంది సూపర్‌వైజర్లూ తడబడతారు.

లెక్క వేసి చూడండి. మెషిన్ గంటకు 10 కిలోలు తింటుంది. హాపర్‌లో 50 కిలోలు పడుతుంది. ఇప్పుడు పోసిన గింజ కిందికి దిగేలోపు 4 గంటలు గడవాలంటే, హాపర్‌లో ఎప్పుడూ 40 కిలోలకు తగ్గకుండా ఉండాలి. సగం ఖాళీ అయ్యాక పోస్తే కొత్త మెటీరియల్ రెండు రెండున్నర గంటల్లోనే కింద దాన్ని కరిగించే స్క్రూలోకి వెళ్లిపోతుంది. డిస్‌ప్లే మీద మాత్రం 80 డిగ్రీలు చక్కగా చూపిస్తూనే ఉంటుంది. అంటే ఆపరేటర్‌కు చెప్పాల్సింది 4 గంటల సంగతి కాదు: "హాపర్ అద్దం మీద గీసిన ఎర్ర గీత కిందికి మెటీరియల్ దిగకూడదు, గంటకోసారి 10 కిలోలు పోయాలి." గీత 40 కిలోల దగ్గర మీరే దగ్గరుండి గీయించండి. బ్రీఫింగ్ తర్వాత గీద్దాంలే అనుకుంటే మొదటి షిఫ్ట్‌లోనే "ఏ గీత సార్?" అని అడుగుతారు.

మీ పని వేరేది కావచ్చు, ప్రెస్ షాపో ప్యాకింగో. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇదే: ఈ మార్పు వల్ల ఆ మనిషి చేయి రేపు చేసే పనిలో ఏం మారుతుంది? జవాబు దొరక్కపోతే ఆ మాట ఇంకా కిందికి దింపడానికి తయారు కాలేదని అర్థం.

2. కాగితం మీద పెట్టండి, ఆరు లైన్లు దాటకుండా

మన ఉదాహరణకు కాగితం ఇలా ఉంటుంది:

నోటు నంబరు 7. బుధవారం ఉదయం 6 గంటల నుంచి అమలు.
ఎక్కడ: 5, 6 నంబరు మెషిన్లు, నైలాన్ నడిచేటప్పుడు మాత్రమే.
ఏం చేయాలి: హాపర్ ఎర్ర గీత కిందికి దిగకూడదు. గంటకోసారి 10 కిలోలు పోసి రిజిస్టర్‌లో టిక్ పెట్టాలి.
ఏం మారలేదు: టెంపరేచర్ 80 డిగ్రీలే. ఎవరూ పెంచకూడదు.
ఎందుకు: మెటీరియల్‌లో తడి ఉండి క్లిప్పులు విరుగుతున్నాయి.
గీత దిగిపోతే: నిండా పోసేసి ఊరుకోకూడదు. టైం రాసి వెంటనే సూపర్‌వైజర్‌ని పిలవాలి.

ఇందులో "ఏం మారలేదు" అనే లైను అందరూ వదిలేస్తారు, నా లెక్కలో అన్నిటికన్నా విలువైన లైను అదే. "ఎండబెట్టడం పెంచమన్నారు" అని వినగానే కాస్త అనుభవమున్న ఆపరేటర్ చేసే మొదటి పని టెంపరేచర్ పెంచడం. వాడి ఉద్దేశం మంచిదే, త్వరగా ఎండుతుందని. కానీ వేడిగాలిలో ఎక్కువ టెంపరేచర్ దగ్గర ఉంచితే నైలాన్ పసుపు రంగుకు తిరుగుతుంది. మీరు ఒక సమస్య తీర్చబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టవుతుంది. మాట ఎటు వంకర పోయే అవకాశం ఉందో ముందే ఊహించి అక్కడ అడ్డం రాయాలి.

ఇంకో జాగ్రత్త: ఒక నోటులో ఒకే మాట. "ఎలాగూ అందరూ వచ్చారు కదా" అని హెల్మెట్ సంగతి, క్యాంటీన్ టైమింగు, ఆడిట్ విజిట్ కలిపారంటే, కింద అందరికీ గుర్తుండేది క్యాంటీన్ ఒక్కటే.

3. అమలు టైం వెనక నుంచి లెక్కపెట్టండి

బుధవారం ఉదయం 6 నుంచి అన్నాం. అయితే 6 గంటలకు కిందికి దిగే మెటీరియల్ 4 గంటలు ఎండి ఉండాలి. అంటే అంతకుముందు రాత్రి 2 గంటలకే హాపర్ నిండి ఉండాలి, అప్పటికి నడుస్తున్నది సి షిఫ్ట్. కొత్త పద్ధతి మొదలుపెట్టేది నిజానికి వాళ్లే. కాబట్టి ముందు చెప్పాల్సింది సి షిఫ్ట్‌కు. కానీ మనవాళ్ల అలవాటేమిటి? పగలు ఆఫీసు వాళ్లుండే జనరల్ షిఫ్ట్‌లో మేనేజర్ ఉంటాడు కాబట్టి ఎ షిఫ్ట్‌కు దగ్గరుండి వివరంగా చెప్తారు, బి షిఫ్ట్‌కు క్లుప్తంగా, సి షిఫ్ట్‌కు ఫోన్లో.

మంగళవారం ఉదయం నుంచి రాత్రి 10 దాకా మూడు షిఫ్టుల మార్పులు వస్తాయి, ఆ మూడు చోట్లా చెప్పించండి. 10 గంటలకు మీరు గానీ మీ తర్వాతి మనిషి గానీ స్వయంగా ఉండండి. ఒక్క రాత్రి ఆలస్యంగా ఇంటికి వెళ్తారు, అంతే.

షిఫ్టులు రొటేట్ అయ్యే రోజు దగ్గర కొత్త పద్ధతి మొదలుపెట్టకండి. సోమవారం రొటేషన్ ఉంటే శనివారం చెప్పి సోమవారం అమలు అంటే, ఎవరికి ఎవరు చెప్పారో ఎవరికీ తేలదు. వారం మధ్యలో పెట్టుకుంటే నయం. ప్రమాదం ఉన్న విషయమైతే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. మెషిన్ ఆపించి, ఉన్నవాళ్లకు అప్పటికప్పుడు చెప్పి, తర్వాతి రెండు షిఫ్టులకు మీరే వెళ్లి చెప్పాలి.

4. సూపర్‌వైజర్లకు చెప్పి, వాళ్ల చేత తిరిగి చెప్పించుకోండి

షిఫ్ట్ ఇన్‌చార్జులను, ఆ లైన్ సూపర్‌వైజర్లను ఒకేసారి కూర్చోబెట్టండి. ఇన్‌చార్జ్‌కు చెప్తే ఆయన సూపర్‌వైజర్‌కు చెప్తాడులే అని వదిలేస్తే మధ్యలో ఒక నోరు ఎక్కువైనట్టే. మీకూ ఆపరేటర్‌కూ మధ్య ఒక్క మనిషే ఉండేలా చూసుకోండి. కాంట్రాక్టర్ తరఫు సూపర్‌వైజర్‌ను కూడా పిలవాలి. హాపర్‌లో మెటీరియల్ పోసేది చాలా చోట్ల వాళ్ల మనుషులే, పిలవడం మర్చిపోయేదీ వాళ్లనే.

కాగితం చదివి వినిపించాక "అర్థమైందా?" అని అడగకండి. ఎవరైనా "ఆ సార్" అనే అంటారు. దానికి బదులు ఒకరిని లేపి, "నేను నీ మెషిన్ మీద ఆపరేటర్‌ని అనుకో, నాకు చెప్పు" అనండి. మొదట్లో నవ్వుకుంటారు, సిగ్గుపడతారు, పర్లేదు. అప్పుడు ఇలాంటివి బయటపడతాయి:

"ఇవాళ్టి నుంచి నైలాన్ బాగా ఎండబెట్టాలి తమ్ముడూ, హాపర్ ఖాళీ కానివ్వొద్దు."

చూశారా, "గీత కిందికి దిగకూడదు" అన్నది "ఖాళీ కానివ్వొద్దు" అయింది. హాపర్ ఖాళీ కాకుండా ఎప్పుడూ ఎవరూ ఉంచలేదా ఏం? అంటే ఆ మాటతో కొత్తగా మారేదేమీ లేదు. అక్కడే ఆపి, కాగితం చూసి మళ్లీ చెప్పమనండి. కాగితం చూడకుండా చెప్పగలగడం మనకు అక్కర్లేదు, చూసి చెప్పడమే అలవాటు కావాలి.

5. షాప్ ఫ్లోర్ మీద చెప్పే పది నిమిషాలు

షిఫ్ట్ మొదలయ్యే ముందు టూల్ బాక్స్ టాక్ జరుగుతుంది కదా, అందులోనే చెప్పించండి. మెషిన్ పక్కన వద్దు. ఇయర్ ప్లగ్గులు పెట్టుకుని, కంప్రెసర్ మోతలో నిలబడి తల ఊపినవాళ్లు విన్నారనుకోకండి. ఒకసారి పదిమందికి మించొద్దు. చివర్లో అందరినీ హాపర్ దగ్గరికి తీసుకెళ్లి గీత చూపించాలి, ఒకరి చేత మెటీరియల్ పోయించాలి.

భాష సంగతి. మన ఫ్యాక్టరీల్లో ఇప్పుడు ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. సూపర్‌వైజర్ తెలుగులో చెప్పి, చివర్లో "సమఝ్ గయా క్యా భయ్యా?" అంటే సరిపోదు. వాళ్లలోనే తెలుగు వచ్చిన ఒకరిని ముందే పిలిచి, స్టెప్ 4లో చేసినట్టే ఆయన చేత కూడా తిరిగి చెప్పించుకుని, ఆయనతోనే చెప్పించండి. కాగితం హిందీలోనూ ఒకటి అంటించండి. చదవడం రానివాళ్లకు గీత ఉంది కదా, అందుకే మాటను గీతలోకి మార్చింది.

పేర్ల లిస్టు మీద సంతకాలు ఇక్కడే తీసుకుంటారు. తీసుకోండి, ఆడిట్‌కు కావాలి. కానీ సంతకం పెట్టాడంటే అక్కడ నిలబడ్డాడని మాత్రమే తెలుస్తుంది. పంచింగ్ అయిపోయి బస్సు కోసం పరిగెత్తే మనిషి చేతిలో పెడితే ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు.

6. ఒక షిఫ్ట్‌లో వచ్చిన ప్రశ్నకు జవాబు మూడు షిఫ్టులకూ వెళ్లాలి

చాలా చోట్ల మాట సరిగ్గానే దిగుతుంది, రెండో రోజు నుంచి చెడిపోవడం మొదలవుతుంది. ఎ షిఫ్ట్‌లో ఒకాయన అడిగాడు: "పీసులతో పాటు అచ్చులోంచి వచ్చే రన్నర్లు, ఆ మిగులు ముక్కలు గ్రైండ్ చేసిన మెటీరియల్ కలుపుతాం కదా, అది కూడా గంటకు 10 కిలోల్లో లెక్కేనా?" మంచి ప్రశ్న, కాగితంలో జవాబు లేదు. ఎ షిఫ్ట్ సూపర్‌వైజర్ లెక్కే అన్నాడు. రాత్రి ఇదే ప్రశ్న వస్తే సి షిఫ్ట్ సూపర్‌వైజర్ కాదన్నాడు. ఇద్దరూ తమకు తెలిసింది చెప్పారు, అబద్ధం ఏమీ లేదు. కానీ ఇప్పుడు మీ ఫ్యాక్టరీలో రెండు రూల్స్ నడుస్తున్నాయి, మీకు ఆ సంగతి తెలియదు.

అందుకని సూపర్‌వైజర్లకు ముందే గట్టిగా చెప్పండి: కాగితంలో లేని ప్రశ్న వస్తే సొంతంగా జవాబు చెప్పొద్దు, "కనుక్కుని చెప్తా" అని నోటు కిందే ప్రశ్న రాసిపెట్టాలి. మీరు అదే రోజు జవాబు రాసి, నోటు నంబరు 7 కాస్తా 7ఎ చేసి, పాత కాగితం పీకేసి కొత్తది పెట్టించాలి. జవాబు రెండు రోజులు ఆలస్యమైతే ఈ పద్ధతి అక్కడితో పోయినట్టే, ఎందుకంటే మెషిన్ ముందు నిలబడ్డవాడికి ఇప్పుడే కావాలి, మీరు చెప్పకపోతే ఎవరో ఒకరు చెప్తారు.

వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోదా అని అడుగుతారు. కాగితం ఫొటో పెట్టండి, తప్పు లేదు. వాయిస్ మెసేజ్‌లు మాత్రం వద్దు. మొదటి వాయిస్ అందరూ ఫార్వర్డ్ చేస్తారు, తర్వాత పెట్టిన సవరణ ఎవరూ వినరు. పైగా చాలా షెడ్లలో ఫోన్లు లాకర్‌లో పెట్టి రావాలి, అవసరమైన టైంలో చేతిలో ఉండదు.

7. హ్యాండోవర్‌లో ఈ మాటకు ఒక లైను పెట్టండి

ఎండబెట్టడం లాంటి పనిలో ఒక తిరకాసు ఉంది. తప్పు ఒక షిఫ్ట్‌లో జరుగుతుంది, చెడ్డ పీసులు ఇంకో షిఫ్ట్‌లో వస్తాయి. చూడండి: ఎ షిఫ్ట్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు హాపర్ 20 కిలోలకు దిగిపోయింది, ఎవరో గమనించి గబగబా 50 దాకా నింపేశారు. అడుగున ఉన్న 20 కిలోలు రెండు గంటలు నడుస్తాయి, అవి మంచివే. రెండున్నర నుంచి కొత్తగా పోసింది దిగడం మొదలవుతుంది, దానికి ఎండింది రెండు గంటలే. నాలుగున్నరకు గానీ మళ్లీ 4 గంటలు ఎండిన మెటీరియల్ రాదు. అంటే అనుమానం ఉన్న పీసులు రెండున్నర నుంచి నాలుగున్నర మధ్యవి, అన్నీ బి షిఫ్ట్ ఖాతాలోవే. ఎ షిఫ్ట్ సూపర్‌వైజర్ "పన్నెండున్నరకు 20కి దిగింది, 5 నంబరు మెషిన్, రెండున్నర నుంచి నాలుగున్నర దాకా వచ్చే పీసులు ఎర్ర బిన్‌లో వేయండి" అని రాసి, నోటితో కూడా చెప్తే రెండు గంటల మాలు పక్కన పెడతారు, చెక్ చేస్తారు, అయిపోతుంది. "మెషిన్ ఓకే" అని రాసి వెళ్లిపోతే ఆ పీసులు కస్టమర్ దగ్గరికి వెళ్తాయి, తిట్లు బి షిఫ్ట్ తింటుంది, ఆ రోజు నుంచి బి షిఫ్ట్ వాళ్లు ఎ షిఫ్ట్ రాతలు నమ్మరు.

అందుకే గీత దిగిందని రాసినవాడిని తిట్టకండి. ఒక్కసారి తిట్టారంటే తర్వాత రిజిస్టర్‌లో అన్నీ టిక్కులే కనపడతాయి.

ఇక్కడ పోయేది క్లిప్పులే. షిఫ్ట్ మారేటప్పుడు మాట అందకపోతే ఎంత దూరం పోతుందో 1988 జులై 6న నార్త్ సీలోని పైపర్ ఆల్ఫా ఆయిల్ ప్లాట్‌ఫాం మీద తెలిసింది. రిపేరు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వ్ తీసేసి ఉంచారు, ఆ సంగతి రాత్రి షిఫ్ట్ వాళ్లకు అందలేదు, వాళ్లు ఆ పంపు ఆన్ చేశారు. 167 మంది చనిపోయారు. మీ మార్పు రిపేరప్పుడు మెషిన్ ఎవరూ ఆన్ చేయకుండా తాళం వేసే లాకౌట్‌కో, గార్డుకో, గ్యాస్‌కో సంబంధించింది అయితే రాతతో సరిపెట్టకండి. దిగే సూపర్‌వైజర్, ఎక్కే సూపర్‌వైజర్ ఇద్దరూ మెషిన్ దగ్గరికి కలిసి నడిచివెళ్లి చూసుకోవాలి.

చేరిందా లేదా ఎలా తెలుస్తుంది

మొదటి రోజు, మూడో రోజు, వారం తర్వాత, ఈ మూడు సార్లు చూడండి. అందులో ఒక్కటైనా రాత్రి 3 గంటలకు, చెప్పకుండా వెళ్లాలి.

ప్రతి షిఫ్ట్‌లో ఇద్దరు ముగ్గురిని అడగండి, సూపర్‌వైజర్ పక్కన లేనప్పుడు. "నోటు 7 చదివావా?" అని కాదు. హాపర్ చూపించి, "ఇది సగానికి దిగిందనుకో, ఏం చేస్తావ్?" అనండి. "నింపేస్తా సార్" అంటే మాట సగమే చేరింది. "టైం రాసి సార్‌ని పిలుస్తా" అంటే పూర్తిగా చేరింది. జవాబులు అక్కడే చిన్న పుస్తకంలో షిఫ్టుల వారీగా రాసుకోండి. ఒక షిఫ్ట్‌లో అందరూ ఒకేలా తప్పు చెప్తే లోపం ఆ సూపర్‌వైజర్ చెప్పిన తీరులో ఉంది, ఆయన చేత మళ్లీ చెప్పించుకోవాలి. మూడు షిఫ్టుల్లోనూ ఒకే తప్పు వస్తే మీ కాగితంలోనే ఉంది, దాన్ని మార్చండి. ఒక్కడే తప్పు చెప్తే లిస్టు తీసి చూడండి, ఆ రోజు వాడు వీక్లీ ఆఫ్‌లో ఉండి ఉంటాడు.

తర్వాత రిజిస్టర్ చూడండి. ఎనిమిది టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే వరుసలో ఉన్నాయంటే షిఫ్ట్ చివర్లో కూర్చుని పెట్టినవి. నిజంగా గంటకోసారి పెట్టిన టిక్కులు అంత అందంగా ఉండవు, ఒకదాని మీద నూనె వేలిముద్ర ఉంటుంది, ఒకటి గడి దాటి పోతుంది.

చివరగా పీసులు. వెండి చారలు తగ్గాయా, ఏ షిఫ్ట్‌లో ఇంకా వస్తున్నాయి అని చూడండి, చూసేటప్పుడు పైన చెప్పిన రెండు గంటల తేడా గుర్తుపెట్టుకోండి. బి షిఫ్ట్ మొదట్లో చారలు వస్తున్నాయంటే వెతకాల్సింది ఎ షిఫ్ట్ చివరి గంటల్లో. పీసు పసుపు రంగుకు తిరిగితే ఎవరో టెంపరేచర్ పెంచారు, "ఏం మారలేదు" లైను అక్కడికి చేరలేదు.

మిగిలిపోయినవాళ్లు

లిస్టులో టిక్ పడని పేర్లు వారం దాకా ఉంటాయి, అది మామూలే. సెలవు నుంచి వచ్చినవాడు ఏ రోజు వస్తే ఆ రోజు మెషిన్ ఎక్కే ముందే సూపర్‌వైజర్ కాగితం చూపించి, హాపర్ దగ్గర నిలబెట్టి చెప్పాలి. తోటివాళ్లు చెప్తారులే అనుకోకూడదు. సూపర్‌వైజరే సెలవులో ఉంటే ఆయన బదులు చేసేవాడు స్టెప్ 4 మళ్లీ మొదటి నుంచి చేయాలి. డబుల్ డ్యూటీ చేసి అలసిపోయినవాడికి రెండో షిఫ్ట్ మొదట్లో కొత్త విషయం చెప్పకండి, ఆ పూట మెటీరియల్ పోసే పని వేరేవాళ్లకు ఇచ్చి, మర్నాడు చెప్పండి.

లిస్టులో అందరికీ టిక్ పడి, రెండు వారాలు చారలు లేకుండా నడిచాక నోటు 7ఎ గోడ మీద నుంచి తీసేయండి. అందులో ఉన్న మాటను ఆ మెషిన్ సెట్టింగ్ చార్టులోకి, కొత్తవాళ్లకు ఇచ్చే ట్రైనింగ్ కాగితంలోకి ఎక్కించి, అప్పుడు నోటు 8 మొదలుపెట్టండి. గోడ మీద ఒకేసారి మూడు కన్నా ఎక్కువ నోట్లు ఉంటే ఎవరూ ఏదీ చదవరు.